ఇంటి వీపీఎన్‌కు బయటి నుంచి దారి ఎక్కడ తెగుతోంది?

ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై మీద వైర్‌గార్డ్ సర్వర్ పెట్టారు. రౌటర్‌లో యూడీపీ 51820 పోర్ట్‌ను రాస్ప్‌బెర్రీ పై అడ్రస్ 192.168.0.10కు ఫార్వర్డ్ చేశారు. ఫోన్ ఇంటి వైఫైలో ఉన్నప్పుడు ఆ అడ్రస్‌తో చక్కగా కలుస్తుంది. వీధిలోకి వెళ్లి మొబైల్ డేటా ఆన్ చేసి, ఇంటి పబ్లిక్ అడ్రస్‌తో ప్రయత్నిస్తే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. కాన్ఫిగ్‌ను పదిసార్లు తిరగరాసినా ఫలితం మారదు. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు మరి.

ఐపీవీ4 అడ్రస్‌కు 32 బిట్లే కాబట్టి మొత్తం అడ్రస్‌లు సుమారు 430 కోట్లు. ఇవి చాలవని 1990ల మొదట్లోనే తేలింది. కొద్ది పబ్లిక్ అడ్రస్‌ల వెనక ఎన్నో యంత్రాలను దాచే న్యాట్ పద్ధతిని 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ ప్రతిపాదించారు. దాన్ని వాళ్లు తాత్కాలిక ఉపాయంగానే చెప్పుకున్నారు. 192.168తో మొదలయ్యే మన ఇళ్ల అడ్రస్‌లను ఇప్పటి రూపంలో ఖరారు చేసింది 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918.

న్యాట్ పనితీరులోనే చిక్కు ఉంది. లోపలి నుంచి ప్యాకెట్ బయటికి వెళ్తే రౌటర్ తన పట్టికలో ఒక వరస రాసుకుంటుంది. జవాబు రాగానే ఆ వరస చూసి లోపలికి పంపుతుంది. పిలవకుండా వచ్చిన ప్యాకెట్‌కు వరస ఉండదు కనుక పారేస్తుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ వరసను మనమే ముందుగా చేత్తో రాసిపెట్టడం. అది ఆ ఒక్క పెట్టెకే వర్తిస్తుంది.

ఫైబర్ కనెక్షన్‌తో రెండో పెట్టె వచ్చింది. ఫైబర్ తీగ వచ్చి చేరేలా ప్రొవైడర్ ఇచ్చే పెట్టె ఓఎన్‌టీ తానే రౌటర్‌గా పనిచేస్తూ 192.168.1.x అడ్రస్‌లు ఇస్తుంది. దాని వెనక మనం కొన్న రౌటర్ 192.168.0.x ఇస్తుంది. ఇదే డబుల్ న్యాట్. మనం వరస రాసింది లోపలి పెట్టెలో, ప్యాకెట్ ఆగిపోయేది బయటి పెట్టెలో.

ఇక్కడికైతే మన చేతిలో పనే. ప్రొవైడర్ దగ్గర మూడో న్యాట్ ఉంటే మాత్రం కాదు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచమంతటికీ అడ్రస్‌లు పంచే సంస్థ ఐఏఎన్ఏ తన దగ్గరున్న చివరి ఐదు పెద్ద ఐపీవీ4 బ్లాకులను పంచేసింది. ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ రిజిస్ట్రీ ఏపీనిక్ తన చివరి బ్లాకుకు చేరి రేషన్ మొదలుపెట్టింది. ఆ కొరతలో ప్రొవైడర్లు తమ వైపే న్యాట్ పెట్టి, ఒక పబ్లిక్ అడ్రస్‌ను ఎందరికో పంచడం పెంచారు. దీన్నే సీజీన్యాట్ అంటారు. ఇళ్లలోని అడ్రస్‌లతో తగవు రాకుండా 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 దీనికోసం 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ప్రత్యేకించింది. ఆ పట్టిక ప్రొవైడర్ యంత్రంలో ఉంటుంది. మనం అందులో వరస రాయలేం.

మీ దారి ఎక్కడ తెగిందో చెప్పేవి రెండు WAN అడ్రస్‌లు, అంటే రెండు పెట్టెలకూ బయటి వైపున్న అడ్రస్‌లు. సొంత రౌటర్‌ WAN అడ్రస్ 192.168.1.5 అనుకుందాం. అంటే ఇంట్లోనే డబుల్ న్యాట్ ఉంది. తర్వాత ఓఎన్‌టీ స్టేటస్ పేజీలో WAN అడ్రస్ చూడండి. అది ఐపీ చూపించే వెబ్‌సైట్‌లోని అడ్రస్‌తో సరిపోతే పైన ఇంకో న్యాట్ లేదు. 100.72.x.x లాంటిది కనిపిస్తే సీజీన్యాటే. కొందరు ప్రొవైడర్లు 10తో మొదలయ్యేవీ వాడతారు. ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పైలో ఇది నడిపి, వైఫై ఆపిన ఫోన్‌తో ప్రయత్నించండి:

```
sudo tcpdump -ni any udp port 51820
```

ప్యాకెట్లు కనిపిస్తూ కూడా హ్యాండ్‌షేక్ కాకపోతే కీలో, రాస్ప్‌బెర్రీ పై ఫైర్‌వాల్‌లో వెతకాలి. ఒక్కటీ కనిపించకపోతే దారిలోనే ఆగుతున్నాయి. పోర్ట్ తెరిచి ఉందో లేదో చెప్పే సైట్లను మాత్రం నమ్మకండి. అవి ఎక్కువగా టీసీపీని పరీక్షిస్తాయి. పైగా సరైన కీ లేని ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ బదులే ఇవ్వదు.

ఇంట్లోని డబుల్ న్యాట్‌కు ఓఎన్‌టీ రౌటర్ పని మానేసేలా దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోవడం శుభ్రమైన పద్ధతి. కనెక్షన్ పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సొంత రౌటర్‌లో ఇవ్వాలి. అది కుదరకపోతే రెండుసార్లు ఫార్వర్డ్ చేయాలి: ఓఎన్‌టీలో 51820ని 192.168.1.5కు, రౌటర్‌లో దాన్ని 192.168.0.10కు. ఓఎన్‌టీలో నేరుగా రాస్ప్‌బెర్రీ పై అడ్రస్ రాయడం తరచూ జరిగే పొరపాటు. ఆ నెట్‌వర్క్ ఓఎన్‌టీకి తెలియదు. 192.168.1.5 మారకుండా ఓఎన్‌టీలో రిజర్వ్ కూడా చేయాలి.

సీజీన్యాట్ అయితే ఈ తంటాలేవీ పనికిరావు. ప్రొవైడర్ దగ్గర పబ్లిక్ స్టాటిక్ ఐపీ కొనడం ఒక మార్గం. ఐపీవీ6 ఉంటే అసలు న్యాట్ గొడవే లేదు. కానీ రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో 51820కి అనుమతి ఇవ్వాలి, మీరున్న చోట ఫోన్‌కూ ఐపీవీ6 ఉండాలి. ఈ రెండో షరతు హోటల్ వైఫైలో తరచూ దెబ్బతీస్తుంది. మూడోది, పబ్లిక్ అడ్రస్ ఉన్న చిన్న ఆన్‌లైన్ సర్వర్, అంటే వీపీఎస్, అద్దెకు తీసుకోవడం. అప్పుడు ఇంట్లోని రాస్ప్‌బెర్రీ పై తానే బయటికి వెళ్లి దానితో కలుస్తుంది. ఫోన్ కూడా అక్కడికే వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై వైపు కాన్ఫిగ్‌లో వీపీఎస్ పీర్ కింద ఈ వరస తప్పనిసరి:

```
PersistentKeepalive = 25
```

ప్రతి 25 సెకన్లకు వెళ్లే ఆ చిన్న ప్యాకెట్ దారిలోని న్యాట్ పట్టికల్లో వరస చెరిగిపోకుండా చూస్తుంది. అది లేకపోతే కాసేపు ఏ ట్రాఫిక్ లేకుండా ఉన్నాక ఫోన్ నుంచి ఇల్లు మళ్లీ అందదు.