వాటాదారులను చివర నిలబెట్టిన పేజీ

1943లో జాన్సన్ అండ్ జాన్సన్ ఇంకా షేర్ మార్కెట్‌లోకి రాలేదు. మరుసటి ఏడాది రాబోతోంది. ఆ సమయంలో వ్యవస్థాపకుల కుటుంబానికే చెందిన చైర్మన్ రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ రాశారు. దానికి ‘క్రెడో’ అని పేరు. అందులో కంపెనీ ఎవరెవరికి బాధ్యత పడుతుందో వరుసగా చెప్పారు. మొదట డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రులు, తల్లులు, అంటే సరుకు వాడేవాళ్లు. తర్వాత ఉద్యోగులు. మూడోది యాజమాన్యం, నాలుగోది చుట్టూ ఉన్న సమాజం. ఐదోదీ చివరిదీ వాటాదారులకు. వాటాలు అమ్మడానికి సిద్ధమవుతూనే, కొనేవాళ్లను లైన్‌లో అందరికంటే వెనక నిలబెట్టారన్నమాట.

మామూలుగా కంపెనీలు రాసుకునే విలువల్లో ఈ వరుసే ఉండదు. అమెరికాలో ఎన్‌రాన్ కంపెనీ విలువలు నాలుగు: గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత. 2000లో ఉద్యోగులకిచ్చిన నీతి నియమావళి 64 పేజీలు. లెక్కల్లో చేసిన మోసం బయటపడి 2001 డిసెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. ఆ నాలుగు మాటల్లో తప్పేమీ లేదు. కానీ లాభానికీ నిజాయితీకీ పొత్తు కుదరని రోజున ఏది వదులుకోవాలో అవి చెప్పవు. అగౌరవమే మా విలువ అని ఏ కంపెనీ అయినా రాసుకుంటుందా? రాసుకోదు కాబట్టే ఆ మాట ఎవరి చేతులూ కట్టెయ్యదు.

అయితే వరుస ఉన్నంత మాత్రాన పని అయిపోదు. 1970ల నాటికి క్రెడో కూడా గోడకు వేలాడే ఫ్రేమ్ అయిపోయిందని జేమ్స్ బర్క్‌కు అనుమానం వచ్చింది. ఆయన త్వరలో కంపెనీ పగ్గాలు పట్టబోయే మనిషి. పెద్ద ఉద్యోగులను ఓ ఇరవై మందికి పైగా కూర్చోబెట్టి, దీన్ని పాటించలేకపోతే గోడల మీంచి పీకేద్దాం అన్నారు. గదిలో గట్టిగానే వాదన జరిగింది. లాభం లేకపోతే ఈ బాధ్యతలన్నీ ఎక్కణ్నుంచి తీరుస్తామని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి చర్చలు తర్వాత కంపెనీ శాఖల్లోనూ జరిగాయి, 1979లో పేజీలోని మాటలను సవరించారు. వాటాదారులు మాత్రం చివరే ఉన్నారు. నా లెక్కలో, రాసిన రోజు కంటే ఈ తగువు పడ్డ రోజులే ఆ పేజీకి ప్రాణం.

పరీక్ష 1982లో వచ్చింది. సెప్టెంబర్ చివర్లో షికాగో చుట్టుపక్కల, జాన్సన్ అండ్ జాన్సన్ అమ్మే నొప్పి మందు టైలెనాల్ క్యాప్సూళ్లు మింగిన ఏడుగురు చనిపోయారు. షాపుల్లో ఉన్న సీసాల్లో ఎవరో సైనైడ్ కలిపారు. తప్పు ఫ్యాక్టరీది కాదు. అనుమానం ఉన్న బ్యాచ్‌లు వెనక్కి తీసుకుని, మిగతా దేశంలో అమ్ముకోవచ్చు. అంతా వెనక్కి తీసుకుంటే నేరగాడిదే పైచేయి అవుతుందని, అలాంటి వాళ్లు ఇంకొందరు బయల్దేరతారని ప్రభుత్వ అధికారుల్లోనూ కొందరు వద్దన్నారు.

అక్టోబర్ 5న కంపెనీ దేశమంతటా 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి పిలిచింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. నొప్పి మాత్రల మార్కెట్‌లో మూడో వంతుకు పైగా ఉన్న టైలెనాల్ వాటా పది శాతం కిందికి పడిపోయింది. ఇక్కడ వరుస ఎలా పనిచేసిందో చూడండి. మాత్ర వేసుకునేవాడు మొదట, వాటాదారు చివర అని ముందే తేలిపోయింది కాబట్టి, ఆ టెన్షన్‌లో ఎవరు ముందు అన్న ప్రశ్న మళ్లీ మొదటినుంచి తవ్వాల్సిన పని లేకపోయింది. మిగిలింది ఎలా, ఎంత త్వరగా అన్నదే. నవంబర్‌లో మూడు సీళ్ల ప్యాకింగ్‌తో టైలెనాల్ మళ్లీ షాపుల్లోకి వచ్చింది. పోయిన మార్కెట్ చాలామటుకు ఏడాదిలో తిరిగొచ్చింది. 1986లో న్యూయార్క్ రాష్ట్రంలో మరొకరు అలాగే చనిపోతే, చీటీ లేకుండా కొనే మందుల్లో క్యాప్సూళ్ల అమ్మకమే కంపెనీ ఆపేసింది.

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. కానీ అదే కంపెనీలో, టైలెనాల్ తయారుచేసిన శాఖే, 2009లో ఇంకో పని చేసింది. మోట్రిన్ అనే నొప్పి మాత్రలు కొన్ని సరిగా కరగడం లేదని తెలిసింది. అందరికీ చెప్పి వెనక్కి పిలవకుండా, కాంట్రాక్టు మనుషులను చిన్న షాపులకు పంపి ప్యాకెట్లు కొనిపించింది. మామూలు కస్టమర్లలా ఉండండి, రీకాల్ మాట ఎత్తకండి అని వాళ్లకు రాతపూర్వకంగా చెప్పారు. 2010లో అమెరికా కాంగ్రెస్ విచారణలో ఈ సంగతి బయటపడింది.

అప్పటికీ క్రెడో ఉంది, మొదటి పంక్తిలో వాడేవాళ్లే ఉన్నారు. షాపు అరల మీది ప్యాకెట్లను కాంట్రాక్టు మనుషులు కొనేశారు. అప్పటికే కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లిన వాళ్లకు మాత్రం ఎవరూ కబురు పెట్టలేదు.