నాబ్ మీద 180 అంటే కేకుకు 180 తగులుతుందా? ఓవెన్ వేడి గురించి అపోహలు, వాస్తవాలు

తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే బేకింగ్ నేర్పిస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి. పోయిన నెల చంద్రగిరి నుంచి వచ్చే అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మీరు చెప్పినట్టే 180లోనే పెట్టినాను. పైన నల్లగా అయిపోయింది, మధ్యలో గుంత పడింది. బేకింగ్ పౌడర్ పాతదైపోయిందేమో?"

పౌడర్ కొత్తదే, కొలతలు కూడా సరిగ్గానే ఉన్నాయి. "ఓవెన్‌లో థర్మామీటర్ పెట్టి చూశావా?" అని అడిగితే, "నాబ్ మీద ఉంది గదక్కా" అంది. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

అపోహ: నాబ్ 180 మీద ఉంటే లోపల 180 ఉంటుంది.

చాలా ఇళ్లలో వాడే కరెంటు ఓవెన్ ఓటీజీ. దాని లోపల వేడిని కనిపెట్టే థర్మోస్టాట్ ఒక మూలనో, పక్క గోడ దగ్గరో ఉంటుంది. కేకు ఉండేది మధ్యలో. థర్మోస్టాట్ తన దగ్గర వేడి సరిపోయిందనుకోగానే రాడ్లను ఆపేస్తుంది, చల్లబడగానే మళ్లీ వేస్తుంది. అందుకే లోపలి వేడి ఒక్కచోట నిలబడదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మంచి ఓవెన్లలోనూ ఈ ఊపు ఉంటుంది. చిన్న ఓటీజీల్లో అది పది ఇరవై డిగ్రీల దాకా పోవడం మామూలే. కాబట్టి ఒక్కసారి తలుపు అద్దంలోంచి థర్మామీటర్ చూసి "205 ఉంది, ఓవెన్ చెడిపోయింది" అని టెన్షన్ పడకూడదు. సగటు చూడాలి.

ఆ అమ్మాయి ఓటీజీ మా ఇంటికి తెప్పించి ఇలా చూశాం. నడిమి వరుసలో జాలీ పెట్టి, దాని సరిగ్గా మధ్యలో ఓవెన్ థర్మామీటర్ నిలబెట్టాం. ఎటువైపు గోడకూ తగలకూడదు, ముల్లు తలుపు అద్దంలోంచి కనిపించాలి. రెండు రాడ్లూ ఆన్ చేసి, ఫ్యాన్ ఆపి, నాబ్ 180 మీద పెట్టాం. 25 నిమిషాలు వదిలేశాం. తర్వాత తలుపు తీయకుండా ఐదు నిమిషాలకొకసారి రాసుకున్నాం: 188, 204, 193, 206, 190, 207. ఆరూ కలిపితే 1188, సగటు 198. అంటే 180 అనుకుని ఆమె 198లో కాలుస్తోంది.

ఇక కేకులో ఏం జరిగిందో చూడండి. వేడి ఎక్కువైతే అంచులూ పైభాగమూ ముందే గట్టిపడి రంగు తిరుగుతాయి. నడుమ పిండి ఇంకా పచ్చిగానే ఉంటుంది. పైన రంగు చూసి "అయిపోయింది" అని ముందుగా తీస్తాం, ఆసరా లేని నడుమ కూలిపోతుంది. బేకింగ్ పౌడర్ మీదికి వచ్చే నిందల్లో చాలావాటికి కారణం ఇదే. కేకు ఉడికిందో లేదో తెలుసుకోవాలంటే నడుమ గుచ్చే థర్మామీటర్ పెట్టి చూడండి. మామూలు స్పాంజి కేకుకు 96 నుంచి 98 మధ్య వస్తే ఉడికినట్టే.

నాబ్‌ను 160 గీత మీదికి తెచ్చి మళ్లీ కొలిచాం: 172, 186, 175, 187, 174, 186. సగటు సరిగ్గా 180. ఆమె ఓవెన్‌కు సంబంధించినంత వరకు 160 అని రాసి ఉన్న గీతే 180. ఈ తేడా అన్ని గీతల దగ్గరా ఒకేలా ఉంటుందని మాత్రం అనుకోవద్దు. బిస్కెట్లకు 150, బన్నులకు 200 వాడేవాళ్లు ఆ గీతల దగ్గర విడిగా చూసుకోవాలి.

అపోహ: కొత్త థర్మామీటర్ తప్పు చూపించదు.

చూపిస్తుంది. దుకాణంలో ఒకే రకం మూడు పక్కపక్కన పెట్టి చూడండి, మూడూ ఒకే అంకె దగ్గర ఆగవు. గుచ్చే రకం థర్మామీటర్‌ను తేలిగ్గా పరీక్షించవచ్చు. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, దాని సందులు నిండేలా చల్లనీళ్లు పోసి కలపండి. మొన గ్లాసు అడుక్కు తగలకుండా పెడితే సున్నా చూపించాలి. తర్వాత తెర్లుతున్న నీళ్లలో పెట్టండి. ఇక్కడ ఒక చిన్న సంగతి: నీళ్లు 100 దగ్గర మరిగేది సముద్ర మట్టంలో. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. తిరుపతిలో 99 పైన చూపిస్తే బాగున్నట్టే. అదే థర్మామీటర్ కొండ మీద, తిరుమలలో, 97 చూపించినా తప్పు దానిది కాదు.

ఓవెన్‌లో వేలాడదీసే ముల్లు థర్మామీటర్‌ను నీళ్లలో ముంచకూడదు. పరీక్షలో నెగ్గిన గుచ్చే థర్మామీటర్ తీగ పొడవుగా ఉండి ఓవెన్‌లో పెట్టగలిగేదైతే, రెండింటినీ పక్కపక్కన ఓవెన్‌లో పెట్టి పోల్చుకోండి.

ఇప్పుడు అందరూ కొంటున్న పిస్టల్ లాంటి ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్ సంగతి కూడా చెప్పేస్తాను. అది గాలి వేడిని కొలవదు, ఎదురుగా ఉన్న పైపొరను మాత్రమే కొలుస్తుంది. మెరిసే స్టీలు మీద గురి పెడితే అసలుకంటే బాగా తక్కువ చూపిస్తుంది. అద్దంలోంచి గురి పెడితే అద్దం వేడే చూపిస్తుంది. పెనానికి పనికొస్తుంది, ఓవెన్ గాలికి కాదు.

అపోహ: ఓవెన్ మీది లైటు ఆరితే ప్రీహీట్, అంటే ముందుగా వేడెక్కడం, అయిపోయినట్టే.

ఆ ఓటీజీలో లైటు ఎనిమిదో నిమిషంలో ఆరింది. అప్పుడు నడుమ థర్మామీటర్ 155 చూపించింది. గోడలు, జాలీ ఇంకా వేడెక్కలేదు. అప్పుడే తలుపు తీసి చల్లని టిన్ను పెడితే ఉన్న వేడి కాస్తా బయటికి పోతుంది. లైటు ఆరిన తర్వాత కనీసం మరో పది పదిహేను నిమిషాలు ఆగండి.

సాయంత్రం వోల్టేజ్ తగ్గే ఇళ్లలో ఇంకా ఆగాలి. 230కి బదులు 200 వోల్టులు వస్తే 1500 వాట్ల రాడ్డు సుమారు 1130 వాట్లే ఇస్తుంది. వోల్టేజ్ తగ్గింది ఎనిమిదో వంతే అయినా వేడి దాదాపు నాలుగో వంతు పడిపోతుంది. నాబ్ మీది అంకె మారదు, అక్కడికి చేరడానికి పట్టే సమయం పెరుగుతుంది. తలుపు తీసినప్పుడు పోయిన వేడి తిరిగి రావడం కూడా నెమ్మదిస్తుంది.

అపోహ: సగటు సరిపోతే కేకు అన్ని వైపులా ఒకేలా కాలుతుంది.

థర్మామీటర్ ఒక్క చోటి సంగతే చెబుతుంది. ఎక్కడ ఎక్కువ మాడుతోందో చూడాలంటే బ్రెడ్డు ముక్కలే మంచి సాధనం. మామూలు పాల బ్రెడ్డు ప్యాకెట్ చాలు. ఓవెన్ బాగా వేడెక్కాక జాలీ నిండా ముక్కలు పక్కపక్కన పరిచి, 180లో ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచండి. తీశాక వాటిని కదపకుండా ఫోటో తీసుకోండి. ఏది వెనక, ఏది ముందు అన్నది తర్వాత మరిచిపోతాం. ఆ అమ్మాయి ఓటీజీలో వెనక కుడి మూల ముక్క కాఫీ రంగుకు తిరిగింది, ముందు ఎడమది తెల్లగానే మిగిలింది. ముక్కలు తిరగేసి అడుగు కూడా చూడాలి. పైన తెల్లగా, కింద నల్లగా ఉంటే కింది రాడ్డుకు దగ్గరగా పెట్టారన్నమాట, ఒక వరుస పైకి జరపాలి.

మాడే మూల పూర్తిగా పోదు, దానితోనే కాపురం చేయాలి. టిన్నుకు గోడలకు మధ్య రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. పెద్ద టిన్ను దూర్చి గాలి మూసేస్తే మాడే మూల ఇంకా మాడుతుంది. కేకును మూడింట రెండు వంతుల సమయం అయ్యాక, నడుమ వణకడం ఆగాక, ఒక్కసారి వెనక వైపు ముందుకు వచ్చేలా తిప్పండి. అంతకుముందే తిప్పితే తలుపు గాలికి, కుదుపుకు కూలిపోతుంది. బిస్కెట్లనైతే సగం సమయానికే తిప్పవచ్చు.

అపోహ: ఫ్యాన్ వేస్తే మాడే మూలలు ఉండవు, అంకె కూడా మార్చక్కర్లేదు.

రెండూ తప్పే. ఫ్యాన్ తేడాను తగ్గిస్తుంది గానీ చెరిపేయదు. గాలి ఎటునుంచి వస్తే అటువైపు ముందు రంగు తిరుగుతుంది. బ్రెడ్డు పరీక్ష ఫ్యాన్ వేసి ఇంకోసారి చేయండి, ఫోటో వేరేగా వస్తుంది.

కదలని గాలిలో కేకు చుట్టూ కాస్త చల్లటి పొర ఒకటి పట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ దాన్ని ఊడ్చేస్తుంది కాబట్టి అదే వేడి త్వరగా లోపలికి పోతుంది. అందుకే మామూలు ఓవెన్‌కు 180 అని రాసిన రెసిపీని ఫ్యాన్‌లో 160కి చేస్తాం. రెసిపీలోనే "ఫ్యాన్ 160" అని ఉంటే మళ్లీ ఇరవై తీసేయకండి.

చాలామంది తికమక పడేది ఇక్కడే. "ఫ్యాన్ వేసినా థర్మామీటర్ 180 చూపిస్తోంది, మరి ఎందుకు తగ్గించాలి?" అంటారు. థర్మామీటర్ గాలి వేడిని చూపిస్తుంది, గాలి వేగాన్ని కాదు. అందుకే రెండు లెక్కలు విడివిడిగా వేసుకోవాలి. ముందు నాబ్ తప్పు సరిచేయాలి, తర్వాత ఫ్యాన్‌కు తగ్గించాలి. చంద్రగిరి అమ్మాయికి ఫ్యాన్‌తో కావాల్సింది అసలైన 160. అది నాబ్ మీద 140 దగ్గర రావచ్చని అంచనా వేశాం. అంచనాతో వదలకుండా ఫ్యాన్ వేసి మళ్లీ కొలిస్తే సగటు 161 వచ్చింది.

అపోహ: గ్యాస్ ఓవెన్‌కు ఇరవై డిగ్రీలు పెంచాలి.

థర్మామీటర్ 180 చూపిస్తుంటే గ్యాస్‌కైనా కరెంటుకైనా 180 చాలు. తేడా వేరే చోట ఉంది. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, లోపల గాలి తడిగా ఉంటుంది. అందుకే బిస్కెట్లు కరకరలాడటానికి, పైరంగు రావడానికి ఇంకాస్త సమయం పడుతుంది. రంగు చాలకపోతే మంట పెంచకుండా ఒక వరుస పైకి పెట్టండి. మంట పెంచితే ముందు మాడేది అడుగే. అడుగు మాడుతుంటే కింది వరుసలో ఖాళీ ట్రే ఒకటి అడ్డం పెట్టండి. కానీ ఓవెన్ అడుగున ఉన్న గాలి రంధ్రాలను ఫాయిల్‌తో కప్పవద్దు. గాలి చాలక మంట సరిగ్గా మండకపోతే విషవాయువు పుడుతుంది.

బయటి దేశాల రెసిపీల్లో "గ్యాస్ మార్క్ 4" అని కనిపిస్తే అది 180. ఒక్కో మార్కుకు సుమారు 14 డిగ్రీలు తేడా.

స్టవ్ కిందే ఉండే పాత ఓవెన్లలో కొన్నింటికి థర్మోస్టాటే ఉండదు, మంట పెద్దదీ చిన్నదీ మాత్రమే. పుత్తూరులో మా పిన్ని దగ్గర అలాంటిదే ఉంది. నడుమ థర్మామీటర్ పెట్టి, నాబ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి చోటా ఇరవై నిమిషాలు ఆగి రాసుకున్నాం. 150, 180, 200 వచ్చిన చోట్ల నాబ్ చుట్టూ నెయిల్ పాలిష్‌తో మూడు చుక్కలు పెట్టాం. పిన్ని ఇప్పుడు దిల్‌పసంద్‌కు "రెండో చుక్క" అంటుంది, డిగ్రీలు అడిగితే చెప్పలేదు.