రెండో యూనిట్ కట్టే హక్కు ఖరీదెంత?

ఒక కోల్డ్ స్టోరేజీ కట్టడానికి 104 కోట్లు కావాలనుకుందాం. దాని మీద వచ్చే రాబడి మొత్తాన్ని నేటి విలువలోకి తెస్తే 100 కోట్లే తేలుతోంది. అంటే 4 కోట్లు నష్టం, రాబడి నేటి విలువలోంచి ఖర్చు తీసేసి చూసే ఎన్‌పీవీ లెక్క వద్దంటుంది. కానీ వ్యాపారం బాగుంటే అదే స్థలంలో ఇంకో 50 కోట్లు పెట్టి సామర్థ్యాన్ని సగం పెంచుకోవచ్చు. బాగోకపోతే ఊరుకోవచ్చు. ఈ వెసులుబాటుకు మామూలు ఎన్‌పీవీ లెక్కలో గడి లేదు. అందుకే దాన్ని 'వ్యూహాత్మక ప్రయోజనం' అని రాసి ఫైలు ముందుకు నెట్టడం అలవాటైంది.

ఇది షేర్ మార్కెట్‌లోని కాల్ ఆప్షన్ లాంటిదేనని చూపించి, 1977లో స్టూవర్ట్ మైయర్స్ దీనికి 'రియల్ ఆప్షన్స్' అని పేరు పెట్టారు. కొనే హక్కే తప్ప కొనాలన్న బాధ్యత లేదు. షేర్ల ఆప్షన్లకు 1973లోనే బ్లాక్, షోల్స్, మెర్టన్‌ల సూత్రం వచ్చింది. అయితే దాని వెనకున్న గణితం మేనేజర్లకు కొరుకుడు పడేది కాదు.

మరి జరగగలిగిన వాటినీ, అప్పుడు తీసుకునే నిర్ణయాలనూ కొమ్మలుగా చూపే డెసిషన్ ట్రీ 1960ల నుంచే వాడుకలో ఉంది, అది గీస్తే సరిపోదా? చిక్కంతా రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు దగ్గర వస్తుంది. మన ప్రాజెక్టు విలువ ఏడాదిలో 140కి పెరగొచ్చు, 80కి పడొచ్చు, అవకాశాలు సగం సగం. సగటు 110 కాబట్టి ఈ వ్యాపారానికి తగిన రాబడి 10 శాతం. ఏడాది తర్వాత విస్తరిస్తే మంచి రోజుల్లో 140లో సగం 70, ఖర్చు 50 పోను 20 కోట్లు మిగులుతాయి. చెడ్డ రోజుల్లో విస్తరించం కాబట్టి సున్నా. సగటు 10 కోట్లు. దీన్ని కూడా 10 శాతంతోనే తగ్గిస్తే 9.09 వస్తుంది. అది తప్పు. ఎందుకంటే ఈ హక్కు ప్రాజెక్టు కంటే చాలా ఎక్కువ ఊగిసలాడుతుంది.

1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ ఇచ్చిన, ప్రతి దశలో పెరగడం, పడటం అని రెండే కొమ్మలుండే బైనామియల్ ట్రీ ఈ ముడి విప్పింది. ఆ ఆలోచన తమకు అందించింది విలియం షార్ప్ అని వాళ్లే రాసుకున్నారు. ప్రాజెక్టులో మూడో వంతు వాటా 33.33 కోట్లకు కొని, అందులో 25.40 కోట్లు 5 శాతం వడ్డీకి అప్పు తెచ్చామనుకోండి. ఏడాదికి తీర్చాల్సింది 26.67. విలువ 140 అయితే వాటా 46.67, అప్పు పోను 20. విలువ 80 అయితే వాటా సరిగ్గా అప్పుకే సరి, మిగిలేది సున్నా. అచ్చం మన హక్కు ఇచ్చినంతే. కాబట్టి హక్కు ఖరీదు కూడా చేతి నుంచి పెట్టిన 7.94 కోట్లే కావాలి.

ప్రతి కొమ్మ దగ్గరా ఈ వాటా, అప్పుల లెక్క వేయనక్కర్లేకుండా అడ్డదారి ఒకటుంది. ఇందులో r అంటే అప్పు మీది 5 శాతం వడ్డీ, u అంటే విలువ పెరిగితే ఎన్ని రెట్లవుతుందో, d అంటే పడితే ఎన్ని రెట్లవుతుందో:

p = (1 + r − d) / (u − d) = (1.05 − 0.8) / (1.4 − 0.8) = 0.4167

దీన్నే రిస్క్-న్యూట్రల్ సంభావ్యత అంటారు. పేరులో సంభావ్యత ఉన్నా ఇది జోస్యం కాదు. సగం అవకాశాన్ని 0.4167కి దించడంలోనే రిస్కుకు కోత పడిపోయింది. ఇక 5 శాతంతో తగ్గిస్తే చాలు: 0.4167 × 20 / 1.05 = 7.94. అసలు అవకాశాలతో చూస్తే 7.94 పెట్టి సగటున 10 పొందుతున్నాం, అంటే 26 శాతం రాబడి. ఆ రేటును ముందుగా ఎవరూ ఊహించి చెప్పలేరు. ఈ పద్ధతి గొప్పంతా ఆ అవసరం లేకుండా చేయడమే.

విస్తరణకు రెండేళ్ల గడువుంటే చివర విలువలు 196, 112, 64. విస్తరిస్తే లాభం వరుసగా 48, 6, సున్నా. అక్కడి నుంచి వెనక్కి వస్తే మొదటి ఏడాది పై కొమ్మలో హక్కు విలువ 22.38. అక్కడే విస్తరిస్తే దక్కేది 20, కాబట్టి ఆగడమే మేలు. కింది కొమ్మలో 2.38. నేటికి తెస్తే 10.20 కోట్లు. 4 కోట్ల నష్టం కాస్తా 6.20 కోట్ల లాభమైంది.

అభ్యంతరం కూడా అప్పటి నుంచే ఉంది: షేరునైతే బజారులో కొనొచ్చు, కోల్డ్ స్టోరేజీలో మూడో వంతు ఎక్కడ కొంటాం? 2001లో కోప్‌లాండ్, ఆంటికరోవ్ ఒక సర్దుబాటు చెప్పారు. ఏ వెసులుబాటూ లేని ఆ ప్రాజెక్టు విలువనే, మార్కెట్లో అమ్ముడయ్యే ఆస్తిలా భావించమన్నారు. పని జరుగుతుంది గానీ, నా దృష్టిలో బలహీనత అక్కడే. ఆ 100 కోట్లు మన సొంత అంచనా. 140, 80 కూడా అంతే. ఊగిసలాటను కాస్త పెంచి రాస్తే హక్కు విలువ దానంతటదే పెరుగుతుంది, ఓడిపోయే ప్రాజెక్టు గెలిచినట్టు కనిపిస్తుంది.

పైగా ప్రాజెక్టు మధ్యలో నగదు పంచిపెడితే మిగిలిన విలువ ఆ మేరకు తగ్గుతుంది. ట్రీలో అది చూపకపోతే ఆగడం ఎప్పుడూ లాభంగానే తేలుతుంది. ఈలోగా పక్కనే పోటీదారు యూనిట్ కట్టేస్తే ఆ నష్టం ఈ కొమ్మల్లో ఎక్కడా ఉండదు. ఇలాంటి నోట్ చేతికొస్తే నేను ముందు చూసేది 100 కోట్ల లెక్కనే. అందులో రెండో యూనిట్ ఆదాయం అప్పటికే కలిపేసి ఉంటే, 10.20 కోట్లను రెండోసారి లెక్కపెట్టినట్టే.