మర్చిపోనివ్వాలా, చెప్పించాలా?

“దాన్ని మళ్ళీ ఎందుకండీ గుర్తు చేయడం? మర్చిపోనివ్వండి.” లైంగిక హింసకు గురైన బిడ్డను సైకాలజిస్టు దగ్గరికి తీసుకొచ్చిన తల్లిదండ్రులు తరచుగా అనే మాట ఇది. ఆ మాట వెనక ఉన్నది ప్రేమే. కాని ఆ బిడ్డ మర్చిపోవడం లేదు, తప్పించుకు తిరుగుతోంది. జ్ఞాపకం తలుపు దాకా వచ్చినప్పుడల్లా పారిపోతే ఆ క్షణానికి ఊరట దొరుకుతుంది. పారిపోవడం వల్లనే బతికి బయటపడ్డానని మనసు నేర్చుకుంటుంది కాబట్టి, తర్వాతిసారి భయం ఇంకాస్త పెద్దదై వస్తుంది. ఇంట్లో అందరూ ఆ ఊసెత్తకుండా జాగ్రత్తపడుతుంటే, అది పెద్దవాళ్ళు కూడా నోటితో అనలేనంత ఘోరమని బిడ్డ అనుకుంటుంది.

ఈ పారిపోవడాన్ని మెల్లగా ఆపడానికి అమెరికాలో జుడిత్ కోహెన్, ఆంథొనీ మన్నారినో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన పద్ధతి ట్రామా ఫోకస్డ్ సీబీటీ, అంటే మనసుకు తగిలిన గాయం మీద దృష్టి పెట్టి, ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స. 3 నుంచి 18 ఏళ్ళ పిల్లల కోసం తయారైంది. మామూలుగా వారానికి ఒకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు పడుతుంది, చిక్కుముడులు ఎక్కువున్న పిల్లలకు 25 దాకా. ప్రతి సెషన్‌లో సుమారు సగం సమయం బిడ్డతో, సగం తల్లితోనో తండ్రితోనో విడిగా. బిడ్డ ఏ వారం ఏమి నేర్చుకుంటే, పెద్దవాళ్ళూ ఆ వారం దాన్నే నేర్చుకుంటారు.

ఒక ఉదాహరణ వెంట వెళ్దాం. ఇది ఏ ఒక్క బిడ్డదీ కాదు, పద్ధతి చూపించడానికి అల్లినది. గుంటూరు బ్రాడీపేటలో తొమ్మిదేళ్ళ పాప, నాలుగో తరగతి. ట్యూషన్ మాస్టారు కొన్ని నెలలపాటు లైంగికంగా వేధించాడు. పాప చివరికి అమ్మకు చెప్పింది, పోక్సో చట్టం కింద కేసు నమోదైంది, మాస్టారు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాడు. మూడు నెలలు గడిచినా పాప రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తోంది, పక్క తడుపుతోంది, లెక్కల పుస్తకం తెరవడం లేదు. ట్యూషన్ మేడ మీద జరిగేది కాబట్టి ఏ ఇంటి మేడమెట్లూ ఎక్కడం లేదు. నాన్న మిర్చి యార్డులో పని, సీజన్లో ఇంటికి వచ్చేసరికి రాత్రవుతుంది. సెషన్లకు అమ్మ వస్తుంది. ఇంట్లో నాయనమ్మ కూడా ఉంది.

మొదట తేల్చుకోవలసింది, పాప భయం గతానిదా, ఇప్పటిదా అని. ఆ మనిషి ఇంకా అదే వీధిలో ఉంటే, లేదా రాజీ కోసం పెద్దమనుషులు ఇంటికి వస్తూ పోతూ ఉంటే, ఆ భయం జబ్బు కాదు, అవసరం. అప్పుడు ముందు రక్షణ సంగతి చూడాలి, జరిగినదాన్ని కథగా చెప్పించే పని మొదలుపెట్టకూడదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు తీవ్రంగా ఉన్న పిల్లల విషయంలోనూ అంతే.

మొదటి నాలుగైదు సెషన్లు సిద్ధం కావడానికి. చూసేవాళ్ళకు ఇదంతా ఊపిరి కసరత్తులా కనిపిస్తుంది గాని, జ్ఞాపకాన్ని తాకడం మొదటిరోజే మొదలవుతుంది. థెరపిస్టు “ఆ విషయం”, “ఆ పాడుపని” అనడు. “ట్యూషన్ మాస్టారు నిన్ను ముట్టుకోకూడని చోట ముట్టుకున్న సంగతి” అని మామూలు గొంతుతో అంటాడు. ఒంటి భాగాలకు సరైన పేర్లు నేర్పుతాడు. పేరు పెట్టి పలకడమే మొదటి మెట్టు.

శరీరాన్ని వదులు చేయడం నేర్పేటప్పుడు, ముందు పచ్చి సేమియాలా బిగుసుకోమని, తర్వాత ఉడికిన సేమియాలా జారిపొమ్మని చెబితే తొమ్మిదేళ్ళ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఒక జాగ్రత్త: కళ్ళు మూసుకుని పడుకోమనడం ఈ పిల్లల్లో కొందరికి అదే జ్ఞాపకాన్ని తెచ్చిపెడుతుంది. కూర్చుని, కళ్ళు తెరిచి చేయించవచ్చు. బాధను సున్నా నుంచి పది దాకా కొలిచి చెప్పడం కూడా ఇక్కడే నేర్పాలి.

ఇదే సమయంలో అమ్మతో జరిగే పని తక్కువేమీ కాదు. జాలితో ఇంట్లో కట్టుబాట్లన్నీ వదిలేసి ఉంటారు. హోంవర్కు లేదు, ఫోను ఎంతసేపైనా చూడనిస్తున్నారు. దాంతో తను ఇక మామూలు పిల్లను కానని పాపకు రోజూ తెలుస్తూ ఉంటుంది. పాత నిద్రవేళ, పాత నియమాలు తిరిగి రావాలి. “ఆడపిల్ల బతుకు ఏమైపోతుందో” అని నాయనమ్మ పాప వినేలా అంటుంటే, దాన్ని ఎలా ఆపాలో కూడా సెషన్‌లోనే మాట్లాడుకుంటారు. “అత్తయ్యా, ఆ మాట దాని ముందు వద్దు, నాతో చెప్పండి” అని అమ్మ అక్కడే ఒకటికి రెండుసార్లు అని చూసుకుంటే, ఇంట్లో అనగలుగుతుంది.

ఇక కథ. ముందు ఏ బాధా లేని సంగతి ఒకటి చెప్పిస్తారు. సంక్రాంతికి తెనాలిలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళిన రోజును పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమంటారు: ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నావు, ఒంట్లో ఎలా అనిపించింది. ఇలా చెప్పడం ఎలాగో పాపకు తెలుస్తుంది, పాప ఎంత వివరంగా చెప్పగలదో థెరపిస్టుకు తెలుస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఒక పుస్తకానికి అధ్యాయాల పేర్లు రాసుకుంటారు. మొదటిది “నేను”: ఇష్టమైన రంగు, స్నేహితురాళ్ళు. రెండోది ట్యూషన్ మొదలైన రోజులు, ఆ మాస్టారు మంచివాడిలా కనిపించిన కాలం. మూడోది మొదటిసారి జరిగింది. ఆ తర్వాత అన్నిటికన్నా కష్టమైన రోజు, అమ్మకు చెప్పిన రోజు, ఆసుపత్రి, పోలీసులు, చివరికి ఇప్పుడు. వరుస ఇలాగే ఉండాలని లేదు. కష్టమైనదాన్ని వాయిదా వేసి, అమ్మకు చెప్పిన రోజును ముందు రాయవచ్చు.

ఆరో సెషన్‌లో మొదటి రెండు అధ్యాయాలు అయ్యాయనుకుందాం. పాప బాధ మూడు దాటలేదు. ఏడో సెషన్‌లో రాసినదాన్ని మళ్ళీ చదివి, మూడో అధ్యాయంలోకి వెళ్ళగానే బాధ ఏడుకు ఎక్కింది. థెరపిస్టు అక్కడ ఆపేసి ఆటలోకి దింపడు. అలా ఆపితే పారిపోవడానికే బహుమతి ఇచ్చినట్టు. ఊపిరి రెండు మూడుసార్లు తీయించి, ఇంకో రెండు వాక్యాలు రాయించి, నాలుగుకు దిగాక ఆపుతాడు. చివరి పది పదిహేను నిమిషాలు పాపకు ఇష్టమైన ఆట. ఎనిమిదో సెషన్‌లో అదే అధ్యాయం చదివితే ఐదు, ఆ తర్వాతి వారం మూడు. అంకె ఇలా దిగుతోందంటే వేగం సరిపోయినట్టు.

ఒక్కోసారి అంకె అబద్ధం చెబుతుంది. పాప “రెండే” అంటుంది గాని చూపు గోడ మీద నిలిచిపోయి ఉంటుంది, గొంతులో జీవం ఉండదు, ఉన్నట్టుండి ఆవలింతలు వస్తాయి. అది ప్రశాంతత కాదు, మనసు అక్కడి నుంచి వెళ్ళిపోవడం. ఆ స్థితిలో చదివించిన వాక్యం పనిచేయదు. పాదాలు నేల మీద ఆనించి, గదిలో ఉన్న ఐదు వస్తువుల పేర్లు చెప్పించి, పాప తిరిగొచ్చాకే ముందుకు వెళ్ళాలి.

రాసేటప్పుడు పాప “నేను చాక్లెట్ తీసుకున్నాను కాబట్టి తప్పు నాదే” అంటే, వెంటనే “కాదమ్మా, నీ తప్పు లేదు” అనాలనిపించడం సహజం. అనకూడదు. అలా దిద్దితే, పెద్దవాళ్ళకు నచ్చని ఆలోచనను దాచాలని పాప నేర్చుకుంటుంది. ముందు ఆ వాక్యం పుస్తకంలోకి రావాలి. కథంతా అయ్యాక, దాన్ని మళ్ళీ తీసి అడుగుతారు: మీ క్లాసులో ఇంకో పాప చాక్లెట్ తీసుకుంటే, పెద్దాయన అలా చేయడం ఆ పాప తప్పవుతుందా? చాక్లెట్ ఎందుకు ఇచ్చి ఉంటాడు? జవాబు పాప నోటి నుంచి వచ్చి, పాప చేతిరాతతో అదే పేజీలో చేరుతుంది.

వేగం తప్పడం రెండు వైపులా జరుగుతుంది. తొందరపెడితే, బాధ తొమ్మిది దగ్గరుండగానే పాప ఇంటికి వెళ్తుంది. ఒకటి రెండు రోజులు పీడకలలు పెరగడం మామూలే. వారం దాటినా తగ్గక, బడికి వెళ్ళనంటే, ఒక మెట్టు వెనక్కి రావాలి. రెండో తప్పు, ఆలస్యం, ఇంకా తరచుగా జరుగుతుందని మా అభిప్రాయం. పాప ఇంకా సిద్ధంగా లేదంటూ పది సెషన్లు ఊపిరి కసరత్తులతోనే గడిపేస్తారు. చాలాసార్లు సిద్ధంగా లేనిది థెరపిస్టే. డెబ్లింగర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలను 8 లేదా 16 సెషన్లుగా, కథ ఉన్నదీ లేనిదీగా నాలుగు గుంపులు చేసి పోల్చారు. వేధింపుకు సంబంధించిన భయాన్ని తగ్గించడంలో కథ ఉన్న 8 సెషన్ల చికిత్సే మెరుగ్గా నిలిచింది. పిల్లల మొండితనం, పెంపకం తీరు విషయంలో మాత్రం కథ లేకుండా తల్లిదండ్రుల శిక్షణకు ఎక్కువ సమయమిచ్చిన 16 సెషన్లు బాగా పనిచేశాయి. అందుకే సెషన్‌లో తల్లికి కేటాయించిన సగాన్ని కోసేసి కథకు సమయం తీయకూడదు.

కోర్టు తేదీ కూడా వేగాన్ని నిర్ణయిస్తుంది. సాక్ష్యం చెప్పే వారంలో అతి కష్టమైన అధ్యాయం తెరవరు. థెరపిస్టు పని ఆధారాలు సేకరించడం కాదు కాబట్టి, “ఇంకేమైనా చేశాడా?” అంటూ జవాబును సూచించే ప్రశ్నలు వేయకూడదు. “తర్వాత ఏం జరిగింది?” చాలు. కథలో ఇంకో మనిషి పేరో, ముందు తెలియని నేరమో బయటపడితే, పోక్సో సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. ఈ సంగతి పాపకూ అమ్మకూ మొదటి సెషన్‌లోనే చెప్పి ఉంచాలి.

పాపకు చెప్పి, పుస్తకాన్ని అమ్మకు విడిగా, అధ్యాయం తర్వాత అధ్యాయం చదివి వినిపిస్తారు. మొదటిసారి అమ్మ ఏడుస్తుంది, వాణ్ణి తిడుతుంది, “ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు?” అంటుంది. ఆ చివరి ప్రశ్న పాప చెవిన పడితే నింద అవుతుంది. అందుకే అది ఈ విడి సెషన్‌లోనే రావాలి, ఎన్నిసార్లయినా. కన్నీళ్ళు వచ్చినా కుప్పకూలకుండా వినగలిగి, “నాకు చెప్పడం ఎంత ధైర్యమో తల్లీ. నువ్వు చెప్పిందంతా నేను విన్నాను” అని అనగలిగినప్పుడే ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు. చదువుతున్నంతసేపూ పాప చూసేది అమ్మ ముఖాన్నే. అమ్మకు ఇంకో రెండు వారాలు కావాలంటే ఆగడమే మంచిది. అసలు వినలేని స్థితిలోనే ఉంటే, కలిపి చదివించే సెషన్ మానేసి, వేరే నమ్మకమైన పెద్దమనిషిని చూసుకోవాలి.

మేడమెట్ల భయాన్ని దీనితో పాటే మెట్టుమెట్టుగా తీస్తారు. మొదటి వారం అమ్మ చేయి పట్టుకుని మూడు మెట్లు, తర్వాత సగం దాకా, తర్వాత ఒక్కతే. ఇది ప్రమాదం లేని వాటికి మాత్రమే, ఆ మనిషిని ఎదుర్కోవడానికి కాదు.

వద్దని గట్టిగా చెప్పడం, పరిగెత్తడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయడం వంటి ఆత్మరక్షణ పాఠాలు, వెంటనే ప్రమాదం ఏమీ లేకపోతే, అన్నిటికన్నా చివర. మొదట్లో నేర్పితే, “అప్పుడు నేను వద్దని అనలేదు కదా” అన్న ఆలోచన పాప నిందల జాబితాలో ఇంకొకటిగా చేరుతుంది. తప్పు తనది కాదని తన పుస్తకంలో తనే రాసుకున్నాక, అవే పాఠాలు పాపకు ఇక ముందు రోజుల గురించి వినిపిస్తాయి.