మోకాలి లోపలి నొప్పి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు మోకాళ్ల నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోకముందే రోగం పేరు చెప్పేస్తారు. "గుజ్జు అరిగిపోయింది మేడం" అంటారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి.

కొందరు అరచేత్తో మోకాలంతా పట్టుకుంటారు. కొందరు మాత్రం మోకాలి లోపలి వైపు, కీలుకు కొంచెం కిందగా, ఎముక మీద ఒకే చోట వేలు పెడతారు. ఈ పోస్టు ఆ రెండో రకం వాళ్ల కోసం. బతుకమ్మకు ఇంకా నెల ఉందనగా వచ్చిన ఒక అక్క సంగతి చెబుతూ రాస్తాను. వయసు 52, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 84 కేజీలు, నాలుగేళ్లుగా షుగర్. డాక్టర్ నడవమన్నారని భద్రకాళి బండ్ మీద నడక మొదలుపెట్టారు. మొదటి వారం రోజూ 20 నిమిషాలు నడిచారు. రెండో వారానికే గంటకు పెంచి, దానికి తోడు పద్మాక్షి గుట్ట మెట్లు కూడా ఎక్కారు. మూడో వారంలో కుడి మోకాలు పట్టేసింది.

అపోహ: మోకాలి లోపలి వైపు నొప్పి అంటే కీలు అరిగినట్టే.

ఆమె వేలు పెట్టిన చోటు కీలు కాదు. మీరూ చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి, చిప్ప కింద పక్కగా ఉండే మెత్తటి గుంట మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి లోపలి వైపు అడ్డంగా జరుపుతూ పోతే సన్నటి గాడి తగులుతుంది. తొడ ఎముక, కాలి ఎముక కలిసే కీలు గీత అదే. కీలు అరుగుదల నొప్పి, కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే వచ్చే నొప్పి మామూలుగా ఆ గీత మీదే ఉంటాయి. అక్కడి నుంచి మూడు వేళ్ల వెడల్పు, అంటే సుమారు 5 సెంటీమీటర్లు కిందికి, కాస్త ముందుకు వస్తే ఎముక చదునుగా తగులుతుంది. ఆ అక్క వేలు పెట్టింది అక్కడ.

తొడ నుంచి వచ్చే మూడు కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, ఒకదాని పక్కన ఒకటి అక్కడే అతుక్కుంటాయి. ఆ మూడూ విచ్చుకుని ఉండే తీరు పెద్దబాతు పాదంలా కనిపించి లాటిన్‌లో పెస్ ఆన్సరైనస్ అని పేరు పెట్టారు. టెండన్లు ఎముకకు రాసుకోకుండా వాటి కింద పలుచటి సంచి ఒకటి ఉంటుంది. అది బర్సా. అది వాస్తే వచ్చేదే పెస్ ఆన్సరైన్ బర్సైటిస్. నిజానికి ఈ నొప్పి ఉన్న చాలామందికి అల్ట్రాసౌండ్ తీస్తే సంచిలో నీరు కనిపించదు. నొప్పి టెండన్లదో, చుట్టూ ఉన్న మెత్తటి భాగానిదో అయి ఉంటుంది. చేయాల్సిన చికిత్స మాత్రం మారదు.

వేలితో నొక్కి చూసుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. బరువు ఎక్కువున్న ఆడవాళ్లకు ఆ చోట గట్టిగా నొక్కితే ఏ జబ్బూ లేకపోయినా నొప్పిగానే ఉంటుంది. అందుకే రెండు కాళ్లూ నొక్కి పోల్చాలి. ఒక కాలిలోనే ఎక్కువుండి, "రోజూ వచ్చే నొప్పి ఇదే" అనిపిస్తేనే లెక్క. ఆ అక్క ఎడమ కాలిని నొక్కితే ఊరుకున్నారు. కుడి కాలిని నొక్కగానే నా చెయ్యి పట్టుకుని "ఇదే మేడం, గిదే నన్ను రాత్రి పండనిస్తలేదు" అన్నారు.

ఆమె చెప్పిన మిగతా లక్షణాలూ దీనికే సరిపోయాయి. చదును నేల మీద నడుస్తుంటే పెద్దగా తెలియదు. కుర్చీలోంచి లేస్తున్నప్పుడు, మెట్లు ఎక్కుతున్నప్పుడు పొడుస్తుంది. రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే రెండు మోకాళ్లూ ఒకదానికొకటి ఒత్తుకుని మెలకువ వస్తుంది.

అపోహ: ఎక్స్‌రేలో అరుగుదల కనబడింది కాబట్టి నొప్పి దానిదే.

ఆమె ఎక్స్‌రే తెచ్చుకున్నారు. కొద్దిగా అరుగుదల ఉన్న మాట నిజమే. యాభై దాటిన, బరువున్న మోకాలికి ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు అలాగే కనిపిస్తుంది. కానీ ఆ అరుగుదల ఆమెకు పోయిన ఏడాది కూడా ఉండే ఉంటుంది. నొప్పి వచ్చింది మాత్రం నడక మూడింతలు పెంచిన తర్వాతే. అరుగుదల, బర్సైటిస్ ఒకే మోకాలిలో కలిసి ఉండటం మామూలే. అరుగుదలను మనం వెనక్కి తిప్పలేం. బర్సైటిస్‌ను తగ్గించగలం. చుట్టాలంతా మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి మాట్లాడుతుంటే భయపడిపోయి ఉన్న మనిషికి ఈ తేడా చెప్పడం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది.

అపోహ: నడక మానేయాలి. లేదంటే నడిచి నడిచే పోగొట్టుకోవాలి.

ఈ రెండు సలహాలూ ఆమెకు ఒకే ఇంట్లో దొరికాయి. కూతురు మంచం దిగొద్దంది, భర్త ఇంకా నడవమన్నారు. రెండూ పొరపాటే. పూర్తిగా మానేస్తే షుగర్, బరువు పెరుగుతాయి, తొడ కండరం బలం తగ్గుతుంది, మళ్లీ మొదలుపెట్టిన రోజే నొప్పి తిరిగొస్తుంది. పంటి బిగువున నడిస్తే వాచిన చోటే మళ్లీ మళ్లీ రాసుకుంటుంది.

ఆ మూడు టెండన్లూ మోకాలు మడవడంతో పాటు, అడుగు వేసినప్పుడు మోకాలు లోపలికి వాలిపోకుండా ఆపుతాయి. ఒళ్లు బరువు, చదును పాదాలు, బలం లేని తుంటి కండరాలు, ఈ మూడూ మోకాలిని లోపలికే తోస్తాయి. మెట్ల మీద ఆ తోపు ఇంకా ఎక్కువ. అందుకే ఆమెతో మొదట మానిపించింది నడకను కాదు, గుట్ట మెట్లను.

మొదటి రెండు వారాలు చదును నేల మీద పొద్దున 10 నిమిషాలు, సాయంత్రం 10 నిమిషాలు. హవాయి చెప్పులు పక్కన పెట్టి, పాదం వంపుకు ఆసరా ఇచ్చే బూట్లు. ఎంత నొప్పి వరకు నడవొచ్చో కూడా చెప్పాను. పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున లేచేసరికి నడకకు ముందున్న స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే ఆ రోజు నడక సగం. ఆ లెక్క కుదిరిన వారం నుంచి ఒక్కో పూటకు 5 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ పోయాం.

వ్యాయామాలు మూడే ఇచ్చాను, ఎక్కువిస్తే ఎవరూ చేయరు. మొదటిది, కుర్చీ అంచున కూర్చుని కాలు చాపి, మడమ నేలకు ఆనించి, నడుము వంచకుండా తుంటి దగ్గర ముందుకు వాలడం. తొడ వెనక లాగినట్టు తెలిశాక 30 సెకన్లు ఆగాలి. ఇలా మూడుసార్లు. రెండోది, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి దాన్ని కిందికి నొక్కి 5 సెకన్లు బిగించడం, పదిసార్లు. మూడోది, పక్కకు పడుకుని మోకాళ్లు మడిచి, మడమలు కలిపే ఉంచి పై మోకాలిని తలుపులా తెరవడం, పదిసార్లు. ఈ మూడోది మోకాలికి సంబంధించిందిగా కనిపించదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. కానీ మోకాలు లోపలికి వాలకుండా ఆ టెండన్లతో పాటు పట్టుకునేది తుంటి కండరమే.

రాత్రి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నాను. నాలుగో రోజుకే నిద్ర పట్టిందన్నారు.

అపోహ: వేడి నూనెతో గట్టిగా మర్దన చేస్తే దిగిపోతుంది.

తొడ వెనక బిగుసుకున్న కండరానికి మర్దన హాయిగానే ఉంటుంది. నొప్పి చోటును మాత్రం బొటనవేలితో నలపొద్దు. కింద ఎముక, మధ్యలో వాచిన సంచి, పైన వేలు. నలిపిన కొద్దీ అది ఇంకా వాస్తుంది. నొప్పి కొత్తగా ఉన్న రోజుల్లో ఐసు మేలు. ముక్కలు బట్టలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు మధ్యలో బట్ట తీసి చర్మం చూసుకుంటూ ఉండాలి. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ నలపకుండా పైపైన రాయొచ్చు. నొప్పి మాత్రలు మాత్రం షుగర్, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఆ అక్క మోకాలికి బిగుతు నీక్యాప్ వేసుకుని వచ్చారు. విప్పి చూస్తే దాని కింది అంచు గుర్తు సరిగ్గా నొప్పి చోటు మీదే పడి ఉంది. దాన్ని తీసేయించాను.

అపోహ: గుజ్జు ఇంజెక్షన్ వేయించుకుంటే సరి.

ఆ జెల్ కీలు లోపల వేసేది. ఈ సంచి కీలు బయట ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పై పద్ధతి పాటించినా తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్ ఆ చోటే స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఇవ్వొచ్చు. చాలామందికి ఉపశమనం ఇస్తుంది. కానీ షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, సూది పడ్డ చోట చర్మం తెల్లబడే అవకాశం ఉంది. నడక తీరు మారకపోతే నొప్పి మళ్లీ వస్తుంది.

అపోహ: ఆ చోట నొప్పి ఉంటే బర్సైటిసే, డాక్టర్ అక్కర్లేదు.

ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకు, ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడినవాళ్లకు, హఠాత్తుగా నడక పెంచితే అక్కడి ఎముకలోనే సన్నటి పగులు రావచ్చు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చదును నేల మీద కూడా ప్రతి అడుగుకూ నొప్పి, రోజురోజుకూ పెరగడం దాని గుర్తులు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎమ్మారై కావాలి. మోకాలంతా నీరు పట్టినా, మడత మధ్యలో ఇరుక్కుపోయినా, ఆ చోటు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా ఇంట్లో ఐసు పెట్టుకుంటూ కూర్చోవద్దు.

ఆ అక్కకు ఇవేవీ లేవు. నాలుగో వారంలో సద్దుల బతుకమ్మ వచ్చింది. "ఏడాదికొక్కసారి మేడం, ఆడకుండ ఎట్లుంట?" అని అడిగితే కాదనలేకపోయాను. పద్మాక్షి గుండం దగ్గర 15 నిమిషాలు ఆడి, కుర్చీలో కూర్చుని, మళ్లీ 15 నిమిషాలు ఆడమన్నాను. గుట్ట ఎక్కొద్దన్నాను. ఆమె ఆగకుండా గంట ఆడారు. మర్నాడు నొప్పి పదికి ఆరు. రెండు రోజులు ఐసు, నడక సగం, ఐదో రోజుకు మళ్లీ రెండుకు దిగింది.

మూడు నెలలకు 84 కేజీలు 80 అయ్యాయి. నాలుగు కేజీలు తగ్గితే అడుగు అడుగునా మోకాలి మీద పడే భారం సుమారు 16 కేజీలు తగ్గినట్టు. మెట్లు ఎప్పుడు ఎక్కాలని అడిగితే, ఒక మెట్టు నుంచి కుడి కాలి మీద బరువు వేసి నెమ్మదిగా దిగమని అద్దం ముందు నిలబెట్టాను. మోకాలు లోపలికి వాలలేదు, నొప్పి రాలేదు. రెండు కాళ్లూ నొక్కితే ఒకేలా ఉంది. ఆ వారం నుంచి 20 మెట్లతో మొదలుపెట్టారు.