జుగల్‌బందీ కచేరీ: హాల్లో వినబడే అపోహలు, స్టేజి మీద జరిగే సంగతులు

మన వైజాగ్‌లో కర్ణాటక, హిందూస్తానీ కలిపి జుగల్‌బందీ అని బ్యానర్ కడితే మామూలు కచేరీకి రాని వాళ్లు కూడా వస్తారు, కళాభారతిలో అయితే వెనక వరసల దాకా జనం ఉంటారు. ఇంటర్వెల్‌లో టీ దగ్గర వాళ్ల మాటలు వింటుంటే కొన్ని అపోహలు ప్రతిసారీ అవే వస్తుంటాయి. నేను మృదంగం వాయిస్తాను, కాబట్టి తాళం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఏమనుకోకండి. అర్థమవడానికి ఒక్క కచేరీనే పట్టుకుందాం, ఒక పక్క సితార్, తబలా, ఇంకో పక్క మన వయొలిన్, మృదంగం. రాగం మోహనం, వాళ్లకి భూపాలీ. తాళం మనకి ఆది, వాళ్లకి తీన్‌తాల్.

అపోహ: ఇది పోటీ, చివర్లో ఎవరు స్పీడుగా వాయిస్తే వాళ్లు గెలిచినట్టు

"ఏటి గురూ, సితార్ ఆయన గెలిచేశాడు" అని బయటికొస్తూ అనుకునేవాళ్లు ఉంటారు. పోటీ అస్సలు ఉండదని నేను చెప్పను, ఇద్దరు మనుషులన్నాక కొంచెం ఉంటది. కానీ మీరు స్పీడు చూస్తూ కూర్చుంటే చివరి పది నిమిషాలు తప్ప మిగతా గంటన్నర మీకు ఏమీ జరగనట్టే ఉంటుంది. అసలు సంభాషణ మొత్తం ఆ ముందు భాగంలోనే నడుస్తుంది, ఒకరు ఒక ముక్క ఎక్కడ ఆపారు, రెండో వాళ్లు అక్కణ్ణించే ఎత్తుకున్నారా లేక వేరే చోటికి తీసుకెళ్లారా అన్నది చూడాలి. చెవి అక్కడ పెట్టండి చాలు.

అపోహ: స్వరాలు ఒకటే కాబట్టి మోహనం, భూపాలీ ఒకటే రాగం

ఇది సంగీతం నేర్చుకున్న వాళ్లు కూడా అంటారు. రెండిట్లోనూ స రి గ ప ద, అంతే, మ లేదు, ని లేదు. కానీ హిందూస్తానీ వాళ్లకి ఇవే ఐదు స్వరాలతో ఇంకో రాగం ఉంది, దేశ్‌కార్ అని. భూపాలీకి గ ప్రాణం, రాత్రి మొదటి జాములో వాయిస్తారు. దేశ్‌కార్‌కి ద ప్రాణం, అది పొద్దున రాగం, పై సగంలోనే ఎక్కువ తిరుగుతుంది, రి మీద నిలవదు. అంటే స్వరాలన్నీ అవే అయినా ఎక్కడ ఎక్కువసేపు కూర్చున్నావు అన్నదాన్ని బట్టి రాగం మారిపోతుంది వాళ్లకి.

మరి మన మోహనంలో అలాంటి కంచె లేదు. చిన్నప్పుడు అందరం పాడిన వరవీణా గీతం గుర్తుందా, గ గ ప ప అని మొదలై ద ప మీదుగా వెంటనే పై షడ్జం పట్టుకుంటుంది. మోహనంలో ద మీద ఎంతసేపు నిలబడినా, దాన్ని ఊపినా, పై స చుట్టూ తిరిగినా మోహనమే. ఇప్పుడు మన వయొలిన్ ఆయన హాయిగా ద దగ్గర కూర్చుని రెండు నిమిషాలు ఆలాపన చేశాడనుకోండి, పక్కన సితార్ ఆయన చెవికి అది సాయంత్రం పూట దేశ్‌కార్‌లా వినబడుతుంది. ఆయన ఏం అనడు, నవ్వుతూ తలే ఊపుతాడు, కానీ తన వంతు రాగానే ఏం చేస్తాడో చూడండి, ప నించి గ కి ఒక పొడుగాటి మీండ్, అంటే జారుడు, లాగి, గ మీద ఊపు లేకుండా నిలబడి, తర్వాత స నించి కింది ద కి దిగి మళ్లీ స రి గ అని వస్తాడు. అది భూపాలీ ముద్ర. వయొలిన్ ఆయనకి విషయం అర్థమైతే తర్వాతి రౌండులో తను కూడా గ దగ్గర ఎక్కువ ఆగుతాడు, కావాలనే మన గమకంతో ఆగుతాడు, అప్పుడు ఒకే గ రెండు రకాలుగా వినబడుతుంది, ఒకటి సాఫీగా, ఒకటి కదులుతూ. నాకైతే జుగల్‌బందీలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఇక్కడ చప్పట్లు మాత్రం ఎప్పుడూ పడవు.

అర్థం కాకపోతే? ఇద్దరూ ఎవరి రాగం వాళ్లు వాయించుకుని పోతారు. గుర్తుపట్టడం ఎలా అంటే, ఒకరు ఆపిన స్వరం దగ్గర రెండోవాళ్లు మొదలుపెట్టడం ఒక్కసారి కూడా జరగదు, ప్రతివాళ్లూ మళ్లీ కింది స నించి ఎత్తుకుంటారు.

అపోహ: ఆది తాళం ఎనిమిది, తీన్‌తాల్ పదహారు, రెట్టింపే కదా, ఇంకేం తేడా

లెక్కకి రెట్టింపే. మన ఒక్కో అక్షరానికి వాళ్లవి రెండు మాత్రలు వేసుకుంటే ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, కరెక్టుగా సరిపోతుంది. మీరు చేత్తో ఆది తాళం వేస్తూ, అంటే ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ విసురు, దెబ్బ విసురు, తబలా మీద చెవి పెట్టండి. తీన్‌తాల్ ఠేకా ఇది: ధా ధిన్ ధిన్ ధా, ధా ధిన్ ధిన్ ధా, ధా తిన్ తిన్ తా, తా ధిన్ ధిన్ ధా. తొమ్మిదో మాత్ర దాటగానే డగ్గా, అంటే ఎడమ చేతి తబలా, గుమ్మనడం ఆగిపోతుంది, పద్నాలుగో మాత్రకి తిరిగి వస్తుంది. తొమ్మిదో మాత్రని వాళ్లు ఖాలీ అంటారు, అక్కడ చెయ్యి విసురుతారు. సరిగ్గా అక్కడే మనకి ఐదో అక్షరం, అంటే దెబ్బ. హాల్లో చూస్తే ఒకే క్షణంలో కొందరు తొడ మీద కొడతారు, కొందరు గాల్లో చెయ్యి ఊపుతారు, ఎవరూ తప్పు కాదు. తాళం తప్పిపోయినవాళ్లు డగ్గా మళ్లీ వచ్చిన చోటు పట్టుకుని అక్కణ్ణించి మూడు మాత్రలు లెక్కపెడితే నాలుగోది సమం, అంటే ఆవర్తనంలో మొదటి దెబ్బ.

పెద్ద తేడా ఏంటంటే తబలా ఠేకా తాళాన్ని వినిపిస్తూ ఉంటుంది, మృదంగం అలా కాదు. మేము వయొలిన్ ఆయన వాయించే నడకని పట్టుకుని వెంట పోతాం, తాళం చేతిలో ఉంటుంది, వాద్యంలో కాదు. అందుకే సితార్ ఆయన విస్తారంగా వాయించేటప్పుడు నేను నా పద్ధతిలో దూరితే ఆయనకి సమం ఎక్కడుందో చెప్పే గుర్తు పోతుంది. అలాంటప్పుడు నేను వాయించకుండా చేత్తో తాళం వేస్తూ కూర్చుంటాను. "మృదంగం ఆయనకి ఛాన్సే ఇవ్వలేదు" అని జాలిపడకండి, అది కూడా పనే.

ఇక ముగింపు లెక్క. హిందూస్తానీలో తిహాయ్ అంటే ఒక ముక్క మూడుసార్లు వాయించి సమం మీద పడటం. ఐదు మాత్రల ముక్క తీసుకుందాం, మధ్యలో ఒక్కో మాత్ర ఖాళీ. ఐదు, ఒకటి, ఐదు, ఒకటి, ఐదు, మొత్తం పదిహేడు. సమం మీద మొదలుపెడితే పదిహేడో దెబ్బ తర్వాతి సమం మీద పడుతుంది, ఆ ఆఖరి ధా నే సమం. మా దగ్గర ఇదే ఐదుని తదిగిణతొం అని మూడుసార్లు వేస్తే, మామూలుగా ఆఖరి తొం సమానికి ముందు మాత్రలో అయిపోతుంది, సమం మీద పాట అందుకుంటుంది. అంటే అదే పదిహేడు మాత్రల ముక్కని నేను మా అలవాటులో వాయించాలంటే ఒక మాత్ర ముందు, పదహారో మాత్ర మీదే మొదలుపెట్టాలి. ఇద్దరం కలిసి వాయించేటప్పుడు ఇది ముందే మాట్లాడుకోకపోతే ఒక మాత్ర తేడాతో రెండు ముగింపులు వినబడతాయి, మృదంగం వెనక తబలా ప్రతిధ్వనిలాగా. జనం దానికీ చప్పట్లు కొడతారనుకోండి. సాధారణంగా నేనే వాళ్ల లెక్కకి వచ్చేస్తాను, ఎందుకంటే సమం మీద ఇద్దరి దెబ్బా ఒకేసారి పడితే వినేవాళ్లకి తెలుస్తుంది.

ఇంకో చిక్కు, మన కీర్తనలు చాలావాటికి ఎత్తుగడ, అంటే పాట మొదలయ్యే చోటు, సమం మీద ఉండదు, అర అక్షరమో ముప్పావు అక్షరమో తర్వాత ఉంటుంది. మా ముగింపులన్నీ ఆ ఎత్తుగడకి లెక్కకట్టినవి. సితార్ పక్కన ఉన్నప్పుడు అలాంటి కీర్తన పెట్టుకుంటే ఆయన సమానికి, మేము ఎత్తుగడకి పడతాం, గందరగోళం. అందుకే జుగల్‌బందీల్లో ఎక్కువగా సమం మీద మొదలయ్యేవే వినబడతాయి. కొంత రుచి పోతుంది, ఒప్పుకుంటా.

చివరి ఘట్టం వినడానికి తేలిక. మేము కురైప్పు అంటాం, వాళ్లు సవాల్ జవాబ్ అంటారు, పద్ధతులు కొంచెం వేరైనా జుగల్‌బందీలో కలిసిపోతాయి. మొదట ఒక్కొక్కరు పదహారు మాత్రలు, తర్వాత ఎనిమిదేసి, నాలుగేసి, రెండేసి, చివరికి ఒకటి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి. ఎనిమిదేసి వచ్చినప్పుడు గమనించండి, రెండో ఆయన ప్రతిసారీ ఖాలీ దగ్గరే, అంటే మన ఐదో అక్షరం దెబ్బ దగ్గరే అందుకుంటాడు. ప్రతి జవాబూ ఒకే స్వరం మీద ఆగాలి, మోహనంలో అయితే ఆ స్వరం గ గా పెట్టుకుంటే అందరికీ సుఖం. ద పెట్టుకుంటే పైన చెప్పిన దేశ్‌కార్ గొడవ మళ్లీ మొదలు. జవాబు అచ్చు సవాలులాగే ఉంటే అది కాపీ. సవాలులో చివరి మూడు స్వరాలు పట్టుకుని దాన్ని తిరగేసి గ కి తెస్తే అది జవాబు.

అపోహ: అంతా అప్పటికప్పుడు పుట్టేదే / అంతా ముందే ప్రాక్టీసు చేసుకున్నదే

రెండూ సగమే నిజం. ముందు తేలాల్సినవి రాగం, తాళం, ఎవరు మొదలు, కురైప్పు ఏ స్వరానికి, ఆఖరి తిహాయ్ ఏది, అన్నిటికన్నా ముందు శ్రుతి. సితార్ మామూలుగా ఒకటిన్నర శ్రుతిలో ఉంటుంది, పెద్దగా కదల్చలేం. వయొలిన్ తీగలు సర్దుకుంటాయి కాబట్టి వయొలిన్ దిగుతుంది. అదే వీణ అయితే మూడు శ్రుతి దగ్గరుంటుంది, అంత కిందికి దించితే తీగలు వదులైపోయి మోత పోతుంది, సితార్-వీణ కచేరీలు తక్కువ కనబడటానికి ఇదొక కారణం. గాత్రంలో ఈ సర్దుబాటు కొంచెం సులువు, బాలమురళీకృష్ణ గారు, భీంసేన్ జోషీ గారు కలిసి పాడిన రికార్డింగులు వింటే ఒకే శ్రుతిలో రెండు గొంతులు ఎంత వేరుగా వెళ్తాయో తెలుస్తుంది.

నాకు మాత్రం ఒకటిన్నరకి పలికే మృదంగం వేరే తీసుకెళ్లాలి, ఒక్కో మృదంగం కొద్ది మేరలోనే పలుకుతుంది. పైగా మన ఊరి సముద్రపు తేమకి తోలు వదులై శ్రుతి దిగుతుంది, లోపల ఏసీలో గంటసేపు ఉంటే బిగిసి పైకెళ్తుంది. తబలా, మృదంగం రెండూ షడ్జానికే ఉంటాయి కాబట్టి వెంట్రుకంత తేడా ఉన్నా కలిసి వాయించినప్పుడు మోత అలలు అలలుగా కొట్టుకుంటుంది. మధ్యలో ఆయన సుత్తితో, నేను రాయితో అంచుల మీద టకటకా కొడుతుంటే "టైమ్ వేస్ట్ చేస్తున్నారు" అని వెనకనించి గొణుగుడు వినబడుతుంది. ఆ రెండు నిమిషాలు ఇవ్వండి, లేకపోతే తనిలో, అంటే తాళవాద్యాలే వాయించే చోట, మేమిద్దరం నాలుగేసి మాత్రలు మార్చుకునేటప్పుడు ఎవరిది ఏ దెబ్బో మీకే తెలీదు.