సంత భాష ఇంట్లోకి వస్తే: నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పోయిన నెల సీతంపేట దగ్గర ఒక ఊళ్లో పిల్లల వాచకం పని మీద కూర్చుంటే, ఓ తల్లి ఆరేళ్ల కొడుకుని పట్టుకొచ్చింది. "బాబూ, మా గుంటడికి తెలుగు రావాలంటే ఇంట్లో సవర ఒగ్గీమన్నారు. రెండేళ్లయింది ఒగ్గీసి. ఇప్పుడు వీడు తెలుగులోనూ సరిగ్గా మాటాడ్డు, సవరా రాదు. ఏటి సెయ్యాల?" అంది. సవర అంటే ఈ కొండల్లో సవర తెగవాళ్ల సొంత భాష. ఎవరన్నారమ్మా అంటే, బడికి వచ్చిన ఒక పెద్దమనిషట. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా ఈ కొండల్లో భాషా సర్వేలు చేస్తున్నాను, మధ్యలో రెండేళ్లు టాంజానియాలో కూడా పనిచేశాను. ఇదే ప్రశ్న అక్కడ స్వాహిలీలో విన్నాను, ఇక్కడ తెలుగులో వింటున్నాను. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఇంట్లో సొంత భాష మానేస్తే పిల్లాడికి సంత భాష బాగా వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకో తెలియాలంటే సంత భాష అంటే ఏమిటో ఒకసారి చూడాలి. సవర ఆడమనిషి కొండచీపుళ్లో చింతపండో దించి షావుకారుతో మాట్లాడే తెలుగు ఎంత ఉంటుంది? అంకెలు, సరుకుల పేర్లు, "ఎంత", "తక్కువ", "తూకం సరిగ్గా వెయ్యి", "మిగిలింది వచ్చేవారం ఇస్తాను". బేరానికి అది చాలు. ఆమె తెలివితక్కువది కాదు, ఆ భాషతో ఆమెకు ఉన్న పనే అంత. ఆమెకున్న మిగతా భాషంతా సవరలో ఉంది. కోపం, కథ, "నిన్న వాన రాకపోయుంటే" అన్న ఊహ, దెయ్యం గురించి భయపెట్టడం, అల్లుడి మీద వెటకారం అన్నీ అందులోనే.

అలాంటి తల్లిని సవర మానేసి తెలుగులో పెంచమంటే ఆమె కొడుక్కి ఇవ్వగలిగేది సంత తెలుగే. "రా, తిను, పో, కొట్టకు." నేను ఆ పిల్లాడికి ఒక మేక బొమ్మ చూపించి, ఇది ఎందుకు పారిపోయిందో చెప్పమన్నాను. తెలుగులో మూడు ముక్కలు చెప్పాడు: మేక, పోయింది, కుక్క. వాళ్ల బాప్ప కొడుకు ఇంకా సవరలోనే పెరుగుతున్నాడు. అదే బొమ్మకి వాడు సవరలో చెప్పుకుంటూ పోయాడు. మేకకి దాహం వేసిందట, కుక్క యజమాని నిద్రపోయాడట, తాడు పాతదట. నిజానికి బడిలో తెలుగు నేర్చుకోవడానికి ఈ రెండోవాడే బాగా సిద్ధంగా ఉన్నాడు. "ఎందుకంటే", "అయితే", "కాకపోతే" అన్న ముడులు వాడి బుర్రలో ఒక భాషలో పడి ఉన్నాయి. ఆ ముడులకి తెలుగు మాటలు తొడగడం తేలిక. మొదటివాడికి ముడులూ పడలేదు, మాటలూ రాలేదు.

దీనికి ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. తల్లిదండ్రులిద్దరికీ తెలుగు నిండుగా వస్తే, బడీ ఉద్యోగమూ అందులోనే అయి ఉంటే, తెలుగులో పెంచినందుకు పిల్లాడి మాటకి లోటేమీ రాదు. పోయేది సవర మాత్రమే. అది వాళ్లు తెలిసి తీసుకున్న నిర్ణయమైతే నాకు మాట్లాడే హక్కు లేదు. నా కోపమంతా తెలియనివాళ్లని భయపెట్టి మాన్పించేవాళ్ల మీదే.

అపోహ: వ్యాపార భాష వచ్చిందంటే ఊరి భాషలు చచ్చిపోయినట్టే.

ఇక్కడే నాకు స్వాహిలీ పనికొస్తుంది. తూర్పు ఆఫ్రికా తీరం వెంబడి, జాంజిబార్, మొంబాసా, లాము రేవుల్లో మాట్లాడే భాష అది. పేరే అరబ్బీలో "తీరాలు" అన్న మాట నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో జాంజిబార్ ఎదురుగా ఉన్న బగామోయో రేవు నుంచి టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉజిజీ దాకా, వెయ్యి కిలోమీటర్లకు పైగా, బిడారులు నడిచేవి. ఏనుగు దంతాలు, గుడ్డలు, పూసలు, బానిసలు కూడా. ముద్దుగా చెప్పుకునే చరిత్ర కాదది. బరువులు మోసినవాళ్లలో న్యామ్వేజీ తెగవాళ్లు చాలామంది. వాళ్లకి దారి పొడవునా అక్కరకొచ్చిన భాష స్వాహిలీ. అయితే న్యామ్వేజీ కూలీ బిడారుతో నెలల తరబడి స్వాహిలీలో మాట్లాడి, ఇంటికొచ్చి పెళ్లాంతో న్యామ్వేజీలోనే మాట్లాడుకున్నాడు. ఆ బిడారుల కాలమంతా లోపలి భాషలకి పెద్దగా ఏమీ కాలేదు.

తర్వాత మూడు మెట్లు పడ్డాయి. మొదటిది కచేరీ. జర్మన్లు ఇప్పటి టాంజానియా నేలని పట్టుకున్నాక కింది స్థాయి పాలనంతా స్వాహిలీ వచ్చిన ఉద్యోగులతో నడిపించారు. పన్ను కట్టాలన్నా, తగువు తీర్చుకోవాలన్నా ఆ భాషే. రెండోది అచ్చు. బ్రిటిష్ కాలంలో, 1928లో మొంబాసాలో సమావేశమై జాంజిబార్ పట్నపు యాసని ప్రామాణికంగా ఎంచుకున్నారు. 1930లో దానికో కమిటీ వేశారు. చిత్రమేమిటంటే, పాత కవిత్వమంతా ఉన్న మొంబాసా, లాము యాసలవాళ్లు తమ భాషకే తాము పరాయివాళ్లమయ్యామని బాధపడ్డారు. శ్రీకాకుళం యాసలో మాట్లాడితే సినిమాల్లో నవ్వుకునే మనకి ఆ బాధ వివరించక్కర్లేదు. మూడోది బడి. 1961లో స్వాతంత్ర్యం వచ్చాక, టాంజానియా మొదటి అధ్యక్షుడు నైరేరే ప్రభుత్వం 1967లో ప్రాథమిక విద్యంతా స్వాహిలీలోకి మార్చింది. 120కి పైగా భాషలున్న దేశం అది.

అప్పుడు కూడా భాషని మార్చేసింది బడి ఒక్కటే కాదు. దారెస్సలాంలో నా పక్క గదిలో పనిచేసిన మాస్టారు కిలిమంజారో వాలు మీది చగ్గా తెగవాడు. భార్య విక్టోరియా సరస్సు దగ్గరి హాయా. ఆయన భాష ఆమెకి రాదు, ఆమె భాష ఆయనకి రాదు. ఇద్దరూ పట్నంలో స్వాహిలీలో కలుసుకున్నారు, స్వాహిలీలో కాపురం చేశారు. ముగ్గురు పిల్లలకి స్వాహిలీ తప్ప ఇంకోటి రాదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. సెలవులకి కొండ మీదికి వెళ్తే వాళ్ల నాయనమ్మ ఏం చెబుతోందో తండ్రి పక్కన కూర్చుని అనువాదం చెయ్యాలి. ఆ రోజు ఆయన ఇది చెప్పి నవ్వాడు గానీ, టీ సగంలో ఒదిలేశాడు.

ఇక్కడా అదే లెక్క. సీతంపేటలో, కురుపాంలో సవర అమ్మాయి, జాతాపు తెగ అబ్బాయి పెళ్లి చేసుకున్నారనుకోండి, ఇంట్లో తెలుగే. జాతాపుల అసలు భాష ఖోండులు మాట్లాడే కువికి దగ్గరిది. ఇప్పుడు చాలామంది జాతాపులకి తెలుగే ఇంటి భాష. సంతలు ఇంతకుముందూ ఉన్నాయి. ఒకప్పుడు కొండకెక్కే షావుకార్లే సవర నేర్చుకునేవారు, లేకపోతే బేరం కుదిరేది కాదు. అంటే సంత భాష రెండు వైపులా నడిచేది. ఆ నడక ఒకవైపే అయ్యి, కచేరీ, బడి, పెళ్లి మూడూ ఆ ఒక్క భాషలోనే పడినప్పుడు చిన్న భాషకి ఉండడానికి ఇల్లొక్కటే మిగులుతుంది. ఇప్పుడు ఆ ఇంట్లోంచి కూడా మాన్పించమని సలహాలిస్తున్నారు.

అపోహ: ఇలాంటి భాషలన్నీ కలగాపులగం, వ్యాకరణం ఉండదు.

స్వాహిలీ సగం అరబ్బీ అని చాలామంది చదువుకున్నవాళ్లే అంటారు. మాటలు చాలా వచ్చాయి, నిజమే. ఆరు, ఏడు, తొమ్మిది అంకెలు కూడా అరబ్బీవే. మన దేశం నుంచీ వెళ్లాయి: పైసా వాళ్లకి "పెసా", బీమా అక్కడా "బీమా"నే. కానీ లోపలి కట్టు పూర్తిగా ఆఫ్రికాలోని బంటు కుటుంబపు భాషల కట్టు. ఆ భాషల్లో బహువచనం గుర్తు మాటకి ముందు వస్తుంది: "కిటు" అంటే వస్తువు, "విటు" అంటే వస్తువులు. అరబ్బీ "కితాబ్" వచ్చి "కితాబు" అయ్యాక, మొదటి అక్షరం "కి" తమ "కి" లాగే ఉందని పట్టుకుని, పుస్తకాలకి "వితాబు" అనేశారు! మనం రైలుని తెచ్చుకుని, వేలు-వేళ్లు లాగా రైలు-రైళ్లు అన్నట్టే. అరువు మాట వచ్చి ఇంటి సంకెల తొడుక్కుంటే ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది.

అపోహ: ఎక్కువమంది మాట్లాడే భాషే అందరి భాష అవుతుంది.

కాదు. టాంజానియాలో అందరికంటే పెద్ద తెగ సుకుమా. గెలిచింది వాళ్ల భాష కాదు. తీరంలో కొద్దిమంది మాట్లాడిన స్వాహిలీ, లోపలి పెద్ద తెగల్లో దేనిదీ కాదు కాబట్టి ఎవరికీ అసూయ కలగలేదు.

అపోహ: లిపి లేకపోతే భాష కాదు. దీనికి గిడుగు రామమూర్తి పంతులు ఎప్పుడో జవాబు చెప్పారు. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, పర్లాకిమిడిలో సవరవాళ్లని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారాయన. సవరకి 1936లో తయారైన సొంత లిపి కూడా ఉంది. ఇంకో మాట అడగకండి దీని మీద.

ఇంగ్లీషే అన్నిటినీ మింగేస్తుందన్నది ఇంకో మాట. టాంజానియాలో ఊరి భాషల పిల్లలు మారుతున్నది స్వాహిలీకి. ఇక్కడ సవర పిల్లలు మారుతున్నది తెలుగుకి. ఇది తెలుగువాళ్లం మనం వినడానికి ఇష్టపడని సంగతి.

మరి ఒక ఊళ్లో భాష ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లని అడిగితే "మేమంతా సవరే మాట్లాడతాం" అంటారు. అది నమ్మి రాసుకుంటే సర్వే దండగ. నేను చేసేది, ఏడేళ్ల లోపు పిల్లలు గోలీలాటలో దెబ్బలాడుకుంటే ఏ భాషలో తిట్టుకుంటున్నారో పక్కన కూర్చుని వినడం. తిట్లు సవరలో ఉంటే ధైర్యం. ముసలమ్మ సవరలో అడిగితే మనవరాలు తెలుగులో జవాబిస్తుంటే, అర్థం అవుతోంది గానీ నోట్లోంచి రావడం లేదన్నమాట. ఆ పిల్ల రేపు తల్లయ్యాక తన బిడ్డకి ఆ అర్థం కావడం కూడా అందదు. అంకెలు పోయాయని మాత్రం కంగారు పడను. సంతలో ముందు పోయేవి అంకెలే, ఆరూ ఏడూ అరువు తెచ్చుకున్న స్వాహిలీ దర్జాగా బతుకుతోంది కదా. అయినా సవర లెక్క పోతుంటే మనసొప్పదు. పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడుని పన్నెండూ-ఒకటి అంటారు. ఇరవై మళ్లీ ఇంకో గుంజ. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి.

ఆ తల్లికి నేను చెప్పింది చిన్నదే. నీకు నిద్రలో కూడా వచ్చే భాషలో వాడితో మాట్లాడు, కథలు చెప్పు, తిట్టు. తెలుగు బడిలో, ఆటలో, టీవీలో వస్తుంది. మొదట్లో వాడు ఎదురు మాట తెలుగులోనే ఇస్తాడు, కొట్టకు, నవ్వకు, నువ్వు మాత్రం సవరలోనే చెప్పు. ఆరేళ్లే కాబట్టి తిరుగుతుంది అన్నాను. వాడి అక్కకి పన్నెండు. ఆ పిల్ల గురించి అడిగితే అంత గట్టిగా చెప్పలేకపోయాను. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి వింది. నేను లేచి బయల్దేరుతుంటే వాళ్ల ముసలమ్మని తెలుగులో అడిగింది, సవరలో పదమూడు ఎలా చెప్పాలని.